ఏడాది క్రితం మాట్లాడిన రిక్రూటర్‌కి మళ్ళీ మెయిల్ పెడుతున్నా, డ్రాఫ్ట్ ఒకసారి చూడండి

నిజాంపేట టెస్టర్
అందరికీ నమస్తే. నాకు టెస్టింగ్‌లో ఐదేళ్ళ అనుభవం, అందులో ఎక్కువ భాగం మాన్యువలే. పోయినేడాది జూలైలో ఒక కన్సల్టెన్సీ రిక్రూటర్ ద్వారా ఒక బ్యాంకింగ్ క్లయింట్‌కి ఆటోమేషన్ రోల్ ఇంటర్వ్యూ ఇచ్చాను. మొదటి రౌండ్ దాటింది. రెండో రౌండ్‌లో ఏపీఐ టెస్టులు ఆటోమేట్ చేశారా, ఫ్రేమ్‌వర్క్ మీరే కట్టారా అని అడిగారు. రెండింటికీ లేదన్నాను, అక్కడితో అయిపోయింది. ఆ మేడమ్ మాత్రం ఫోన్ చేసి ఎందుకు కాలేదో చెప్పి, "ఆటోమేషన్ మీద చేయి తిరిగాక నాకు ఒక మెయిల్ పెట్టండి" అన్నారు. మామూలుగా రిజెక్ట్ అయితే ఫోన్ కూడా ఎత్తరు కదా, అందుకే ఆవిడ గుర్తుండిపోయారు.

ఈ ఏడాదిలో పని మారింది. ఇప్పుడు మళ్ళీ రాద్దామనుకుంటున్నాను. మెయిల్ ఇంగ్లీష్‌లోనే వెళ్తుంది, ఇక్కడ అందరికీ తేలిగ్గా ఉంటుందని తెలుగులో పెడుతున్నా:

> మేడమ్, మీరు బాగున్నారని తలుస్తాను. గత ఏడాది మీ ద్వారా ఒక ఇంటర్వ్యూకి హాజరయ్యాను. ఆ తర్వాత ప్లేరైట్, టైప్‌స్క్రిప్ట్, రెస్ట్ అష్యూర్డ్, జెన్‌కిన్స్, డాకర్, ఏడబ్ల్యూఎస్ నేర్చుకున్నాను. తగిన అవకాశం ఉంటే తెలియజేయగలరు. నేను వెంటనే చేరగలను. రెజ్యూమె జత చేశాను.

ఎలా ఉంది? ఏడాది తర్వాత రాస్తే "ఎవరు నువ్వు" అనుకుంటారేమోనని కొంచెం టెన్షన్‌గా ఉంది.

రోజూ అప్‌డేట్
బ్రో, మెయిల్స్ ఎవరు చదువుతారు ఈ రోజుల్లో? నౌక్రిలో రోజూ పొద్దున్నే ప్రొఫైల్‌లో ఒక ఫుల్‌స్టాప్ మార్చి సేవ్ చెయ్యి. రిక్రూటర్ వెతికినప్పుడు పైకి వస్తావు. నాకు వారంలో పది కాల్స్ వచ్చాయి. పాత రిక్రూటర్లని పట్టుకుని వేలాడటం దండగ.

కన్సల్టెన్సీ అక్క
పదకొండేళ్ళుగా హైదరాబాద్‌లో ఇదే పని చేస్తున్నాను కాబట్టి చెబుతున్నాను. రోజూ అప్‌డేట్ గారు చెప్పింది సగం నిజం. మేము నౌక్రిలో వెతికేటప్పుడు ఈ మధ్య యాక్టివ్‌గా ఉన్నవాళ్ళనే చూపించమని ఫిల్టర్ పెడతాం, కాబట్టి ప్రొఫైల్ తాజాగా ఉంచడం మంచిదే. కానీ ఆ కాల్స్ మీరెవరో తెలియని వాళ్ళ నుంచి వస్తాయి. ఈ తమ్ముడికి ఉన్నది వేరు. ఒక మనిషి ఇతన్ని ఒకసారి క్లయింట్ ముందు నిలబెట్టింది, ఎందుకు పోయిందో కూడా ఆవిడకి తెలుసు. దాన్ని వాడుకోకుండా మళ్ళీ సున్నా నుంచి మొదలుపెట్టడం ఎందుకు?

తమ్ముడూ, డ్రాఫ్ట్ గురించి చెప్పేముందు మూడు ప్రశ్నలు. ఆ డాకర్, ఏడబ్ల్యూఎస్ ప్రాజెక్ట్‌లో వాడారా, కోర్స్ చూశారా? మీ నోటీస్ పీరియడ్ ఎంత? పేపర్లు వేశారా?

నిజాంపేట టెస్టర్
అక్కా, ప్లేరైట్, రెస్ట్ అష్యూర్డ్ ప్రాజెక్ట్‌లోనే. జెన్‌కిన్స్ జాబ్స్ నేనే చూస్తాను. డాకర్, ఏడబ్ల్యూఎస్ యూడెమీ కోర్స్ మాత్రమే. నోటీస్ 90 రోజులు. పేపర్లు వేయలేదు. "వెంటనే" అని రాస్తే కనీసం కాల్ వస్తుందని ఫ్రెండ్ చెప్పాడు.

కన్సల్టెన్సీ అక్క
ఆ ఫ్రెండ్‌కి ఒక దండం.

చూడండి, మీరు కొత్త అభ్యర్థి కాదు. ఆవిడ మీ మెయిల్ ఐడీనో ఫోన్ నంబరో మా సాఫ్ట్‌వేర్‌లో కొడితే పాత రికార్డు తెరుచుకుంటుంది. అందులో పోయినేడాది రెజ్యూమె, అప్పటి సీటీసీ, అప్పటి నోటీస్, ఏ క్లయింట్‌కి ఏ తేదీన పంపాం, ఏ రౌండ్‌లో ఏమన్నారు, అన్నీ ఉంటాయి. మీ రెండో రౌండ్ కింద బహుశా "మాన్యువల్ బాగుంది, ఏపీఐ ఆటోమేషన్ లేదు, ఫ్రేమ్‌వర్క్ అనుభవం లేదు" అని ఒక లైన్ ఉంటుంది. మీ మెయిల్ జవాబు చెప్పాల్సింది ఆ లైన్‌కి. మీ డ్రాఫ్ట్‌లో ఉన్న ఆరు టూల్స్‌లో ఏది ఆ లైన్‌ని కొట్టేస్తుందో ఆవిడే వెతుక్కోవాలి. వెతకరు. అంత తీరిక ఉండదు.

అందుకే పోయినేడాది వాడిన మెయిల్ ఐడీ నుంచే పంపండి. నంబర్ మారి ఉంటే మెయిల్‌లో పాతదీ కొత్తదీ రెండూ రాయండి. లేకపోతే సిస్టమ్‌లో మీ పేరుతో రెండో మనిషి పుడతాడు, పాత ఫీడ్‌బ్యాక్ అంతా వేరే రికార్డులో ఉండిపోతుంది. అప్పటి ఇంటర్వ్యూ షెడ్యూల్ మెయిల్ ఇన్‌బాక్స్‌లో ఉంటే దానికే రిప్లై కొట్టండి. సబ్జెక్ట్ మారిస్తే జీమెయిల్‌లో అది కొత్త సంభాషణగా విడిపోతుంది, అయినా కింద పాత మెయిల్ మొత్తం ఉంటుంది కాబట్టి మీరెవరో పరిచయం చేసుకునే పని తప్పుతుంది.

రెజ్యూమెల గురించి కూడా. పాతదీ కొత్తదీ పక్కపక్కన పెట్టి చూస్తాం. పోయినేడాది రెజ్యూమెలో "ఆటోమేషన్: ఆరు నెలలు" అని ఉండి ఈ ఏడాది "మూడేళ్ళు" అయితే ఇక మాట్లాడేదేం లేదు. నా దగ్గరికి అలాంటివి వస్తూనే ఉంటాయి. పాత ఫైల్ వాళ్ళ దగ్గర డిలీట్ అయినట్టు నా దగ్గరా డిలీట్ అయిందనుకుంటారు.

పాశమైలారం కెమిస్ట్
మధ్యలో దూరుతున్నందుకు ఏమనుకోకండి. నాది ఐటీ కాదు, ఫార్మా క్వాలిటీ కంట్రోల్. నాక్కూడా పోయినేడాది ఒక రిక్రూటర్ ఇలాగే చెప్పి వదిలేశారు. మా దగ్గర కొత్త స్కిల్ అంటే ఏం రాయాలి? అవే మెషీన్లు, అవే శాంపిళ్ళు.

బ్యాకెండ్ బాబాయ్
కెమిస్ట్ గారూ, మా తమ్ముడు బొల్లారంలో అదే పని చేస్తాడు. వాడి మాట ప్రకారం అక్కడ టూల్ పేరు కన్నా బాధ్యత మారిందా అన్నది చూస్తారట. హెచ్‌పీఎల్‌సీ నడపడం అందరూ చేస్తారు. మెథడ్ వాలిడేషన్ చేశారా, స్పెసిఫికేషన్ దాటిన ఫలితం వస్తే ఇన్వెస్టిగేషన్ మీరే రాశారా, యూఎస్ఎఫ్‌డీఏ ఇన్‌స్పెక్షన్ జరిగినప్పుడు మీరు ల్యాబ్‌లో ఉండి వాళ్ళ ప్రశ్నలకు జవాబు చెప్పారా, ఇవి రాయండి. పోయినేడాది లేనిది ఈ ఏడాది ఏదుందో అదే.

పాశమైలారం కెమిస్ట్
ఇన్వెస్టిగేషన్లు నేనే రాస్తున్నాను! అది కూడా చెప్పుకోవచ్చని అనుకోలేదు. థ్యాంక్స్ బాబాయ్.

డల్లాస్ శీను
మా దగ్గర ప్రాజెక్ట్ అయిపోతే బెంచ్ మీద ఉన్నప్పుడు వెండర్లందరికీ వారం వారం ఒక మెయిల్ వెళ్ళాల్సిందే. మొదటి లైన్‌లో వీసా స్టేటస్, రెండో లైన్‌లో ఏ ఊరు, ఎప్పటి నుంచి ఖాళీ. హెచ్1బీ మీద ఉద్యోగం పోతే ఉండేది గరిష్ఠంగా 60 రోజులే, మొహమాటానికి టైం ఉండదు. కాబట్టి నిజాంపేట తమ్ముడూ, ఒక మెయిల్‌తో ఊరుకోకు. వారానికోటి పడెయ్.

కన్సల్టెన్సీ అక్క
శీను గారూ, అక్కడ మీరు కాంట్రాక్ట్ కోసం, రేపు చేరడానికి సిద్ధంగా ఉండి రాస్తారు. ఇక్కడ ఇతను పర్మనెంట్ ఉద్యోగంలో ఉన్నాడు, ముందు 90 రోజుల నోటీస్ ఉంది. వారం వారం రాస్తే మూడో వారానికి నేనైతే ఫిల్టర్ పెట్టి పక్క ఫోల్డర్‌లోకి తోసేస్తాను. ఒక మెయిల్, పది రోజుల్లో జవాబు లేకపోతే అదే మెయిల్ కింద ఒక్క లైన్. ఆ తర్వాత ఏదైనా నిజంగా మారినప్పుడే. అంటే పేపర్లు వేసినప్పుడో, ప్రాజెక్ట్ మారినప్పుడో, ఊరు మారినప్పుడో.

ఇక "వెంటనే" సంగతి. తమ్ముడూ, అది రాస్తే కాల్ వస్తుంది, నిజమే. క్లయింట్‌కి పంపుతాను, రెండు రౌండ్లు అవుతాయి, ఆఫర్ దగ్గరికి వచ్చేసరికి "రాజీనామా ఆమోదించిన మెయిల్ పంపండి" అంటాను. అప్పుడు బయటపడుతుంది. క్లయింట్ దగ్గర పోయేది నా మాట. మీ రికార్డు కింద "నోటీస్ తప్పుగా చెప్పారు" అని ఒక లైన్ చేరుతుంది, దాన్ని నా తర్వాత వచ్చిన రిక్రూటర్ కూడా చదువుతుంది.

నౌక్రిలో నోటీస్‌కి 15 రోజుల లోపు, నెల, రెండు నెలలు, మూడు నెలలు, ప్రస్తుతం నోటీస్‌లో ఉన్నాను అని విడివిడిగా ఎంచుకునే వీలుంటుంది. మెయిల్‌లో ఒకటి, అక్కడ ఒకటి ఉండకూడదు. ఆవిడ మీ మెయిల్ చదవగానే చేసే మొదటి పని అక్కడికి వెళ్ళి చూడటమే.

నిజాంపేట టెస్టర్
కానీ అక్కా, 90 అని రాస్తే చదవకుండా పక్కన పెడతారు కదా? మా టీమ్‌లో ఇద్దరిని 60 రోజులకే వదిలారు. బైఅవుట్ ఉందని హెచ్ఆర్ పాలసీలో ఉంది, కానీ మేనేజర్ ఒప్పుకుంటేనే.

కన్సల్టెన్సీ అక్క
అదే రాయండి మరి. "నోటీస్ 90 రోజులు, ఇంకా రాజీనామా చేయలేదు. కంపెనీ పాలసీలో బైఅవుట్ ఉంది, మేనేజర్ అంగీకారంతో 60 రోజులకు తగ్గవచ్చు." ఇది చదివితే నాకు ఒక లెక్క దొరుకుతుంది. రేపే కావాలనే క్లయింట్‌కి మిమ్మల్ని పంపను, రెండు నెలలు ఆగగల క్లయింట్ ఉంటే మొదట మీరే గుర్తొస్తారు. కొందరు క్లయింట్లు బైఅవుట్ డబ్బు తామే ఇస్తారు, అందరూ ఇవ్వరు. అది ఇప్పుడు అడగొద్దు, ఆఫర్ దగ్గర మాట్లాడుకోవచ్చు.

ఇంటర్వ్యూలకి ఎప్పుడు దొరుకుతారో కూడా ఒక ముక్క చేర్చండి. మధ్యాహ్నం మూడింటికి ఫోన్ చేస్తే "మీటింగ్‌లో ఉన్నాను" అని గుసగుసగా చెప్పి పెట్టేసేవాళ్ళే ఎక్కువ.

ఆఫర్ పోయినవాడు
రిక్రూటర్లని అంత నమ్మకండి. నాకు ఆఫర్ లెటర్ ఇచ్చి, నేను రిజైన్ చేసి, నోటీస్ సగం అయ్యాక ప్రాజెక్ట్ ఆగిపోయిందన్నారు. ఇప్పుడు ఆ కంపెనీ హెచ్ఆర్ ఫోన్ ఎత్తట్లేదు. లీగల్ నోటీస్ పంపొచ్చా?

బ్యాకెండ్ బాబాయ్
బాధ అర్థమైంది తమ్ముడూ, కానీ అది వేరే కథ. విడిగా ఒక పోస్ట్ పెట్టు, ఆఫర్ లెటర్‌లో షరతులు ఏమున్నాయో కూడా రాయి, పేర్లు తీసేసి. ఇక్కడ కలిపితే రెండూ పోతాయి.

నిజాంపేట టెస్టర్
రెండో డ్రాఫ్ట్. ఈసారి కోర్స్ సంగతులు తీసేశాను:

> సబ్జెక్ట్: ఏపీఐ ఆటోమేషన్ ఇప్పుడు చేస్తున్నాను – పోయిన జూలై బ్యాంకింగ్ క్లయింట్ ఇంటర్వ్యూ తర్వాత అప్‌డేట్
>
> మేడమ్, పోయిన జూలైలో మీరు నన్ను బ్యాంకింగ్ క్లయింట్ ఆటోమేషన్ రోల్‌కి పంపారు. ఏపీఐ ఆటోమేషన్, ఫ్రేమ్‌వర్క్ అనుభవం లేక రెండో రౌండ్‌లో ఆగింది. కారణం మీరు ఫోన్ చేసి చెప్పారు, అందుకు కృతజ్ఞతలు.
>
> గత ఎనిమిది నెలలుగా ప్రస్తుత ప్రాజెక్ట్‌లో పేమెంట్స్ మాడ్యూల్ రిగ్రెషన్‌ని ప్లేరైట్, టైప్‌స్క్రిప్ట్‌తో ఆటోమేట్ చేస్తున్నాను. ఫ్రేమ్‌వర్క్ ఇద్దరం కలిసి మొదటి నుంచి కట్టాం. ఏపీఐ టెస్టులు రెస్ట్ అష్యూర్డ్‌తో నేను రాశాను. అన్నీ జెన్‌కిన్స్‌లో ప్రతి రాత్రి నడుస్తాయి. ఇద్దరు మనుషులకు రెండు రోజులు పట్టే రిగ్రెషన్ ఇప్పుడు గంటలోపు అవుతోంది.
>
> నోటీస్ 90 రోజులు, ఇంకా రాజీనామా చేయలేదు. బైఅవుట్‌తో 60కి తగ్గే వీలుంది, మేనేజర్ అంగీకరిస్తే. సాయంత్రం ఆరు తర్వాత, శనివారాలు ఇంటర్వ్యూలకు దొరుకుతాను. హైదరాబాద్‌లోనే ఉంటాను.
>
> ఇప్పుడు సరిపడే ఓపెనింగ్ లేకపోయినా పర్వాలేదు. నా వివరాలు మార్చి పెట్టుకుంటారని రాస్తున్నాను.

బ్యాకెండ్ బాబాయ్
మొదటిదానికీ దీనికీ నక్కకీ నాకలోకానికీ ఉన్నంత తేడా. "ఇద్దరం కలిసి" అని రాయడం మంచి పని. ఇంటర్వ్యూలు తీసుకునేవాణ్ణి కాబట్టి చెబుతున్నా, "ఫ్రేమ్‌వర్క్ నేనే కట్టాను" అన్నవాణ్ణి నేను అడిగే రెండో ప్రశ్న: టెస్టులు ఒకసారి పాసై ఇంకోసారి ఫెయిలైతే ఏం చేశావు? కట్టినవాడు నవ్వి కథ మొదలుపెడతాడు. చూసినవాడు "వెయిట్ పెంచాను సార్" అంటాడు. దానికి జవాబు ఉందా నీ దగ్గర?

నిజాంపేట టెస్టర్
ఉంది బాబాయ్. మాకు ఎక్కువగా ఫెయిల్ అయింది టెస్ట్ డేటా వల్ల. రెండు టెస్టులు ఒకే కస్టమర్ అకౌంట్ వాడేవి, సమాంతరంగా నడిచినప్పుడు ఒకటి బ్యాలెన్స్ మార్చేస్తే రెండోది పడిపోయేది. ప్రతి టెస్ట్ మొదట్లో ఏపీఐతో కొత్త అకౌంట్ సృష్టించుకునేలా మార్చాం. ఆ తర్వాత కూడా ఓటీపీ స్క్రీన్ దగ్గర ఒకటి రెండు అప్పుడప్పుడు పడుతూనే ఉన్నాయి, వాటికి ఇంకా మందు దొరకలేదు.

బ్యాకెండ్ బాబాయ్
ఇంటర్వ్యూలో ఆ ఓటీపీ సంగతి కూడా దాచకుండా చెప్పు. ఒక్క మాట, సీటీసీ మెయిల్‌లో రాయకు. ముందే అంకె ఇస్తే అక్కడే కట్టేస్తారు.

కన్సల్టెన్సీ అక్క
ఇక్కడ బాబాయ్‌తో నాకు పేచీ ఉంది. క్లయింట్‌కి ప్రొఫైల్ పంపేటప్పుడు నా ఎక్సెల్‌లో ప్రస్తుత సీటీసీ, అడిగేది, నోటీస్, ఊరు అన్నీ నింపాల్సిందే, ఖాళీగా వదలనివ్వరు. పోయినేడాది అంకె ఎలాగూ రికార్డులో ఉంది. ఈ ఏప్రిల్‌లో హైక్ వచ్చి ఉంటే పాత అంకె ఉండటం మీకే నష్టం కదా? ప్రస్తుతానిది రాసి, అడిగేది రోల్ చూశాక చెబుతానంటే చాలు.

బ్యాకెండ్ బాబాయ్
అది మీకు పని తేలికవడానికి అక్కా, అతనికి లాభం కాదు. ఓపెనింగే లేని మెయిల్‌లో జీతం ఎందుకు? అడిగినప్పుడు చెబుతాడు.

రోజూ అప్‌డేట్
ఈ విషయంలో నేను బాబాయ్ పార్టీ.

నిజాంపేట టెస్టర్
సీటీసీ లేకుండానే పంపాను. కానీ కొత్త చిక్కు. మెయిల్ వెనక్కి వచ్చేసింది, అడ్రస్ లేదంటోంది. లింక్డ్‌ఇన్‌లో చూస్తే ఆవిడ ఆ కన్సల్టెన్సీ మానేసి ఇంకో స్టాఫింగ్ కంపెనీకి వెళ్ళారు. ఇప్పుడు ఎవరికి రాయాలి? నా రికార్డు పాత కంపెనీలో, మనిషి కొత్త కంపెనీలో.

కన్సల్టెన్సీ అక్క
మా ఫీల్డ్‌లో ఇది మామూలే. ఆవిడ వెళ్ళేటప్పుడు మీ రికార్డు తీసుకెళ్ళలేదు, తీసుకెళ్ళకూడదు కూడా. అంటే కొత్త చోట మీరు కొత్తవారే, ఆవిడకి మీ గురించి గుర్తుంటే తప్ప. లింక్డ్‌ఇన్‌లో కనెక్షన్ రిక్వెస్ట్‌తో పాటు రెండు వాక్యాల నోట్ పంపండి: జూలైలో ఏ రోల్, ఎందుకు ఆగింది, ఇప్పుడు ఏపీఐ ఆటోమేషన్ చేస్తున్నాను. మెయిల్ మొత్తం అక్కడ అతికించకండి, అంత చోటు ఉండదు. ఒప్పుకున్నాక రెండో డ్రాఫ్ట్, రెజ్యూమె పంపండి. వాట్సాప్ నంబర్ ఉన్నా మొదటి పలకరింపు అక్కడ వద్దు.

పాత కన్సల్టెన్సీకి కూడా రాయొచ్చు. ఇంటర్వ్యూ షెడ్యూల్ మెయిల్‌లో సీసీలో ఇంకెవరైనా ఉన్నారేమో చూడండి, మామూలుగా టీమ్ లీడ్ ఉంటారు.

రోజూ అప్‌డేట్
వాట్సాప్ ఎందుకు వద్దు? నేను వాట్సాప్‌లోనే రాస్తా, పది నిమిషాల్లో బ్లూ టిక్.

కన్సల్టెన్సీ అక్క
బ్లూ టిక్ వస్తుంది, జవాబు వచ్చిందా?

రోజూ అప్‌డేట్
ఒక్కోసారి :)

నిజాంపేట టెస్టర్
అప్‌డేట్. మేడమ్ లింక్డ్‌ఇన్‌లో మూడో రోజు ఒప్పుకున్నారు. "గుర్తున్నారు, ఓటీపీ ఫ్లో గురించి బాగా చెప్పారని అప్పటి ప్యానెల్ అన్నది" అని రాశారు, నాకే గుర్తులేదు! వచ్చే నెలలో ఒక బ్యాంకింగ్ క్లయింట్‌కి తీసుకుంటారట, జేడీ పంపుతానన్నారు. ఈలోగా పాత కన్సల్టెన్సీ టీమ్ లీడ్ ఫోన్ చేసి, "మీ రెజ్యూమె ఒక బ్యాంకింగ్ క్లయింట్‌కి పంపేస్తున్నాం, ఓకే అని మెయిల్ పెట్టండి" అన్నారు. పెట్టనా?

కన్సల్టెన్సీ అక్క
క్లయింట్ పేరు రాతపూర్వకంగా తెలిసేదాకా పెట్టొద్దు. ఇద్దరిదీ ఒకే క్లయింట్ అయితే మీ ప్రొఫైల్ రెండు దారుల్లో చేరుతుంది. చాలా క్లయింట్లు మొదట వచ్చినదాన్నే లెక్కలోకి తీసుకుంటారు, కొందరైతే గొడవెందుకని రెండూ పక్కన పెట్టేస్తారు. పోయినేడాది పంపిన క్లయింటే అయినా, ఆ పాత సబ్మిషన్ హక్కు చాలాచోట్ల ఆరు నెలలే, కొన్నిచోట్ల ఏడాది. అందుకే రెండు వైపులా ఒకటే అడగండి: ఏ క్లయింట్, ఏ రోల్, జేడీ పంపండి. పేరు చెప్పనంటే ఓకే మెయిల్ ఇవ్వకండి.

బ్యాకెండ్ బాబాయ్
ఇద్దరిదీ ఒకే క్లయింట్ అని తేలితే? నేనైతే ఏడాది క్రితం ఫోన్ చేసి చెప్పిన ఆవిడకే ఇస్తా.

కన్సల్టెన్సీ అక్క
ఆవిడ ఓపెనింగ్ వచ్చే నెల, ఇది ఇవాళ. వచ్చే నెలది వస్తుందో రాదో ఆవిడకే తెలియదు. నేను ఇతని స్థానంలో ఉంటే ఇవాళ్టిదే తీసుకుని, ఆ సంగతి ఆవిడకి చెప్పేస్తాను.

బ్యాకెండ్ బాబాయ్
రిక్రూటర్ అయి ఉండి మీరే అలా అంటే ఎలా అక్కా!

నిజాంపేట టెస్టర్
ఇద్దరికీ క్లయింట్ పేరు అడుగుతూ మెయిల్ పెట్టాను. టీమ్ లీడ్ "పేరు చెప్పలేం, కాన్ఫిడెన్షియల్" అన్నారు. ఓకే ఇవ్వలేదు. జేడీ వచ్చాక మళ్ళీ రాస్తాను.